డిడక్టిబుల్ పెంచితే ప్రీమియం ఎంత తగ్గుతది? చిట్యాల దగ్గర డివైడర్‌కు తగిలిన ఒక కారు లెక్క

(నల్లగొండలో కారు యజమానుల కోసం ఒక సాయంత్రం జరిగిన సమావేశంలో, ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా పనిచేసిన వక్త మాట్లాడిన మాటలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, వెనుకోళ్లు జర ముందుకు రండి. బోర్డు మీద అంకెలు రాస్త, కనబడాలె.

పోయిన వానాకాలం ఒక సారు నాకు ఫోన్ చేసిండు. హైదరాబాద్ నుంచి వస్తుంటే చిట్యాల దాటినంక వానకు రోడ్డు కనబడక బండి డివైడర్‌కు తగిలింది. మనిషికి ఏం కాలేదు. ముందు బంపర్ పగిలింది, ఎడమ ఫెండర్, బానెట్ వంగినయ్. షెడ్డులో బిల్లు 31,000 రూపాయలు అయింది. ఇన్సూరెన్స్ నుంచి ఆయనకు వచ్చింది 8,000. మిగిలిన 23,000 ఆయన జేబుల నుంచి పోయినయ్. "నాది ఫుల్ ఇన్సూరెన్స్ కదా సార్, మూడేండ్ల నుంచి ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలే, ఇదేం న్యాయం" అని ఆయన బాధ. పాలసీ కాగితం ఫోటో పంపమన్న. చూసిన. కంపెనీ తప్పు లెక్క కట్టలేదు. కాగితంలో ఒక అంకె ఉన్నది, అది అక్కడ ఉన్నదని ఆయనకు తెల్వదు. ఇయ్యాల నేను మాట్లాడేది ఆ ఒక్క అంకె గురించే.

పాలసీ మొదటి పేజీల, ప్రీమియం లెక్క ఉండే డబ్బా కింద, రెండు మాటలు ఉంటయ్. ఒకటి కంపల్సరీ డిడక్టిబుల్, రెండోది వాలంటరీ డిడక్టిబుల్. డిడక్టిబుల్ అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందుగాల మనం భరించే మొత్తం. ఆ పైన ఉన్నదే కంపెనీ ఇస్తది. కంపల్సరీ అనేది అందరికీ ఉంటది, తీసెయ్యమంటే తియ్యరు. ప్రైవేటు కారు ఇంజిన్ 1500 సీసీ లోపల ఉంటే 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. దీనికి ప్రీమియంలో తగ్గింపు ఏం ఉండదు. వాలంటరీ మాత్రం మనమే ఒప్పుకొని పెట్టుకునేది. "ఇంత వరకు నేనే చూసుకుంట, మీరు ప్రీమియం తగ్గించండి" అనే ఒప్పందం అది. కంపల్సరీ ఎట్లాగూ ఉంటది, దాని మీద ఇది కలుస్తది. ఆ సారు పాలసీల వాలంటరీ డబ్బాలో 15,000 అని ఉన్నది. కంపల్సరీ 1,000. కలిపి 16,000.

"నేను పెట్టుకోలే సార్" అన్నడు. పాలసీ ఆన్‌లైన్‌ల ఇప్పించిన మనిషి, ధర తక్కువ కనబడాలని ఆ గడిని ఎంచుకున్నడు. పక్క కొటేషన్ కంటే దాదాపు 1,900 తక్కువ రావడంతోటి ఈయన సంతోషంగా డబ్బులు కట్టిండు. సగం మందికి ఇట్లనే జరుగుతది. ఒకే కారు, ఒకే విలువ, ఇద్దరి దగ్గర ధరలో తేడా ఉన్నదంటే ముందు చూడాల్సింది ఈ డబ్బానే.

సరే, ఇప్పుడు 31,000 బిల్లు 8,000 ఎట్ల అయిందో చూద్దాం. ఎందుకంటే చాలామంది ఇక్కడ రెండు కోతలను ఒకటి చేసి కంపెనీని తిడుతరు. మొదటి కోత డిడక్టిబుల్ కాదు, అది తరుగు. పాత సామాను పోయి కొత్త సామాను వచ్చినందుకు విలువ కోస్తరు. బంపర్ ప్లాస్టిక్, 6,000. ప్లాస్టిక్కుకు, రబ్బరుకు సగం కోత, కారు వయసు ఎంతైనా సరే. అంటే 3,000 మిగిలింది. ఫెండర్ ఇనుము, 4,000. కారు వయసు మూడున్నర ఏండ్లు, మూడు నుంచి నాలుగేండ్ల మధ్య ఇనుప భాగాలకు 25 శాతం కోత. 3,000 మిగిలింది. బానెట్ 8,000, అదే లెక్కన 6,000. లేబర్ 5,000, దానికి కోత లేదు. పెయింటింగ్ 8,000. పెయింటు బిల్లు మొత్తంగా రాస్తే అందులో పావు వంతు రంగు ఖరీదు అని పట్టుకుంటరు, అంటే 2,000, ఆ 2,000లో సగం కోస్తరు. 7,000 మిగిలింది. అన్నీ కలుపుకోండి. 24,000.

అంటే తరుగు కింద 7,000 పోయింది. మన దగ్గర "బంపర్ టు బంపర్" అంటరు కదా, ఆ జీరో డెప్ తీసుకున్నోళ్లకు ఈ 7,000 కోత ఉండదు. కానీ దాంతోటి డిడక్టిబుల్ పోదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, "బంపర్ టు బంపర్ ఉన్నది, ఇక నా చేతి నుంచి పైసా పోదు" అనుకునేటోళ్లను నేను మస్తుమందిని చూసిన.

రెండో కోత ఇప్పుడు. 24,000లో నుంచి 1,000 కంపల్సరీ, 15,000 వాలంటరీ తీసేస్తే 8,000. గంతే. వాలంటరీ లేకుంటే 23,000 వస్తుండె. వాలంటరీ 5,000 పెట్టుకొని ఉంటే 18,000 వస్తుండె.

మరి ఆ 15,000 ఒప్పుకున్నందుకు ఆయనకు ప్రీమియంలో మిగిలింది ఎంత? దీనికి ప్రీమియం ఎట్ల కడతరో జర తెలవాలె. కారు ప్రీమియంలో రెండు ముక్కలు ఉంటయ్. ఒకటి థర్డ్ పార్టీ, మన బండి వల్ల ఎదుటోళ్లకు నష్టమైతే ఇచ్చే దానికి. 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేటు 3,416. డిడక్టిబుల్ ఎంత పెట్టుకున్నా అందులో రూపాయి తగ్గదు. అట్లనే మన బండి ఎవరినన్న గుద్దితే, వాళ్లకు ఇచ్చే పరిహారంలో మన డిడక్టిబుల్ అడ్డం రాదు. రెండో ముక్క ఓన్ డ్యామేజ్, ఓడీ అంటరు, మన బండి నష్టానికి. డిడక్టిబుల్ పని చేసేది ఈ ఓడీ మీద మాత్రమే.

ఆ సారు కారు 1197 సీసీ, పాలసీల విలువ, అంటే ఐడీవీ, 5 లక్షలు. పాత టారిఫ్ ప్రకారం హైదరాబాద్ లాంటి ఎనిమిది పెద్ద నగరాలు జోన్ ఏ, నల్లగొండ జోన్ బీ. ఐదేండ్ల లోపు ఈ సైజు కారుకు జోన్ బీ రేటు 3.191 శాతం. ఐదు లక్షలకు దాదాపు 16,000. కానీ 2007 నుంచి ఓడీ ధర కంపెనీల ఇష్టం, పోటీకి సగం దాకా తగ్గిస్తయ్. ఈయనకు ఓడీ 8,000 పడింది. మూడేండ్లు క్లెయిమ్ లేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ 35 శాతం.

వాలంటరీకి తగ్గింపు ఎంత అనేదానికి పాత టారిఫ్‌లో ఒక పట్టిక ఉండె. చాలా కొటేషన్లలో ఇప్పటికీ దాని నీడ కనబడుతది. 2,500 పెట్టుకుంటే ఓడీలో 20 శాతం తగ్గింపు, కానీ 750 మించొద్దు. 5,000కు 25 శాతం, 1,500 మించొద్దు. 7,500కు 30 శాతం, 2,000 మించొద్దు. 15,000కు 35 శాతం, 2,500 మించొద్దు. ఈ "మించొద్దు" అనే మాటలోనే కిటుకు అంతా ఉన్నది. ఏజెంటు "20 శాతం, 35 శాతం" అంటడు, పరిమితి గురించి చెప్పడు. 8,000లో 35 శాతం అంటే 2,800 కావాలె. కానీ 2,500 దగ్గర ఆపేస్తరు. 20 శాతం అంటే 1,600 కావాలె, 750 దగ్గరే ఆపేస్తరు.

ఇంకొకటి ఉన్నది, దీన్ని ఎక్కువమంది గమనించరు. నో క్లెయిమ్ బోనస్ లెక్క అన్నిటికంటే చివర వేస్తరు. ముందు వాలంటరీ తగ్గింపు తీసేసి, మిగిలిన దాని మీద 35 శాతం కోస్తరు. అంటే మనకు ఇచ్చిన 2,500 తగ్గింపు కూడా 35 శాతం చిన్నదైతది. 1,625 అయితది. దాని మీద పడాల్సిన 18 శాతం జీఎస్టీ కూడా మిగులుతది, కలిపితే 1,917. బోర్డు మీద రాస్తున్న చూడండి. వాలంటరీ లేకుంటే: 8,000లో 35 శాతం తీస్తే 5,200, దానికి 3,416 కలిపితే 8,616, జీఎస్టీతోటి 10,167. వాలంటరీ 15,000తో: 8,000లో 2,500 తీస్తే 5,500, అందులో 35 శాతం తీస్తే 3,575, థర్డ్ పార్టీ కలిపితే 6,991, జీఎస్టీతోటి 8,249. యజమాని ప్రమాద బీమా, ఇతర అదనపు కవర్లు నేను పక్కన పెట్టిన, అవి రెండు లెక్కల్లోనూ ఒకటే.

ఏడాదికి 1,917 మిగిలింది. యాక్సిడెంట్ అయిన రోజు 15,000 పోయింది. ఆ 15,000 మళ్లీ కూడాలంటే దాదాపు 8 ఏండ్లు ఒక్క క్లెయిమ్ లేకుండ గడవాలె.

(ముందు వరుసలో ఒకాయన: "అట్లయితే అసలు వాలంటరీ పెట్టుకోవద్దంటరా అన్నా?")

అట్ల నేను అనలే. అన్ని మెట్లూ ఒక్క తీరు ఉండవు, ఒక్కో మెట్టును విడిగా తూకం వెయ్యాలె. ఇదే కారుకు చూద్దాం. 2,500 పెట్టుకుంటే ఏడాదికి 575 మిగులుతది. 5,000 పెట్టుకుంటే 1,150. రెండింట్లో ఒకటే నిష్పత్తి, నాలుగేండ్ల నాలుగు నెలలు క్లెయిమ్ లేకుంటే సరిపాయె. 5,000 నుంచి 7,500కు ఎక్కితే అదనంగా 2,500 నెత్తిన పెట్టుకుంటరు, అదనంగా మిగిలేది 383 మాత్రమే. అంటే ఆ మెట్టుకు ఆరున్నర ఏండ్లు. ఇక 7,500 నుంచి 15,000కు దుంకితే? అదనంగా 7,500 నెత్తిన, మళ్లీ అదే 383 మిగులు. ఆ మెట్టు విడిగా చూస్తే గిట్టాలంటే 19 ఏండ్లు దాటాలె. కారే అన్ని ఏండ్లు ఉండదు. అందుకే నేను ఎవరు అడిగినా చెప్తున్న, ఈ పట్టిక ప్రకారం పోయే కంపెనీలో 15,000 గడి తీసుకోవద్దు. 5,000 దగ్గర ఆగితే దానికి ఒక న్యాయం ఉన్నది. మీ కంపెనీ పరిమితులు వేరే ఉంటే అంకెలు మారుతయ్, కానీ లెక్క ఇదే: ప్రతి గడికీ కొటేషన్ తియ్యండి, కింది గడితో పోల్చి అదనపు మిగులు ఎంత, అదనపు భారం ఎంత, ఇవి రెండు రాసుకోండి.

ఇప్పుడు ఈ సారు విషయంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన ముచ్చట చెప్త. ఆ 8,000 క్లెయిమ్ ఆయన పెట్టకుంటేనే బాగుండె.

ఎట్లంటే, క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే రెన్యువల్‌కు ఆయన బోనస్ 35 నుంచి 45 అయితది, ఆ మరుసటేడు 50. క్లెయిమ్ పెట్టంగనే సున్నాకు పడిపోతది. మళ్లీ 20, 25, 35, 45 అని మెట్లు ఎక్కాలె. అంటే మొదటి ఏడు 45 శాతం నష్టం, రెండో ఏడు 50కి బదులు 20 కాబట్టి 30 శాతం, తర్వాత 25, 15, 5. మొత్తం 120 శాతం. ఓడీ 8,000 అనుకుంటే 9,600, జీఎస్టీతోటి 11,000 పైచిలుకు. కారు విలువ ఏటేటా తగ్గుతది కాబట్టి ఓడీ కూడా తగ్గుతది, పదివేలు అని పట్టుకోండి. పదివేలు పోగొట్టుకొని 8,000 తెచ్చుకున్నడు ఆయన. వాలంటరీ 15,000 అట్లనే ఉంచుకొని నడిపిస్తే ఓడీ 5,500 కాబట్టి నష్టం 7,800 దాకా తగ్గుతది, అప్పుడు కూడా చేతికి మిగిలింది రెండు వందలు.

అంటే ఏమైంది? పెద్ద వాలంటరీ, పెద్ద బోనస్, రెండూ కలిస్తే బిల్లులో కోతలు పోయినంక పాతిక వేలు దాటని ఏ నష్టానికీ ఆయన పాలసీ పనికి రాలేదు. 16,000 డిడక్టిబుల్, పదివేలు బోనస్, కలిపితే 26,000. మన ఊళ్లల్ల రోజూ జరిగే యాక్సిడెంట్లు ఎక్కువ భాగం ఆ లోపలే ఉంటయ్. క్లాక్ టవర్ దగ్గర సందుల ఆటో గీకడం, బస్టాండు ముందట వెనుకనుంచి బైకు తగలడం, పొలం దారిల బర్రె అడ్డం రావడం. బండి మొత్తం నుగ్గునుగ్గైతే, ఎవరన్న ఎత్తుకపోతే 16,000 కోత పెద్దది కాదు, ఐదు లక్షల ముందు అదెంత. కానీ అది ఎప్పుడో ఒక్కసారి జరిగేది. ఆయన పాలసీ దాని కోసం మాత్రమే పనికొచ్చే పాలసీ అయింది, ఆయనకు తెలియకుండ. తెలిసి తీసుకున్నోళ్లతోటి నాకు పేచీ లేదు.

కనుక షెడ్డుకు పోయినప్పుడు తొందరపడి క్లెయిమ్ నంబరు తీసుకోకండి. ముందు ఎస్టిమేట్ రాయించుకోండి, తరుగు కోత ఎంత, డిడక్టిబుల్ రెండూ కలిపి ఎంత తీసేయండి, మిగిలింది మీ బోనస్ నష్టం కంటే బాగా ఎక్కువ ఉంటేనే పెట్టండి. బోనస్ కాపాడే అదనపు కవరు కొన్నోళ్లకు ఈ లెక్క మారుతది, వాళ్లు దాని షరతులు చదువుకోవాలె. అయితే ఒక మాట. యాక్సిడెంట్‌లో మనుషులకు దెబ్బ తగిలితే, ఎదుటోళ్ల ఆస్తికి నష్టమైతే ఈ లెక్కలు పక్కన పెట్టండి, వెంటనే పోలీసులకు, కంపెనీకి చెప్పాలె. అది వేరే వ్యవహారం.

(ఒక మహిళ: "సార్, మా బండికి ముందట ఒక సొట్ట, వెనుక డోరుకు ఒక గీత. రెండూ ఒక్క క్లెయిమ్‌లో పెట్టొచ్చునా?")

మంచి ప్రశ్న అమ్మా. నా ఉద్యోగంలో ఎక్కువ గొడవలు దీని మీదనే అయినయ్. డిడక్టిబుల్ పాలసీకి ఒకసారి కాదు, యాక్సిడెంటుకు ఒకసారి. ముందు సొట్ట ఒక రోజు, వెనుక గీత ఇంకో రోజు అయితే అవి రెండు క్లెయిములు, రెండుసార్లు డిడక్టిబుల్. వాలంటరీ 5,000 పెట్టుకుంటే ఆరు వేలు, ఆరు వేలు, పన్నెండు వేలు. అందుకే మనోళ్లు ఏడాదంతా గీతలు కూడబెట్టి, రెన్యువల్ ముందు "నిన్న గోడకు తగిలింది" అని ఒకటే క్లెయిమ్ పెడతరు. సర్వేయర్ చూడంగనే గుర్తుపడతడు. పాత గీత లోపల మట్టి పేరుకొని ఉంటది, ఇనుము తేలిన చోట తుప్పు ఎర్రగ మొదలైతది. కొత్త గీత అంచులు పదునుగ మెరుస్తయ్. గోడకు తగిలిందంటే గీత ఎత్తు, దిక్కు గోడతో సరిపోవాలె. ముందు బంపర్ తగిలిన యాక్సిడెంట్‌ల వెనుక డోరుకు అడ్డం గీత ఎట్ల పడుతది? ఆ అబద్ధం వల్ల నిజమైన సొట్టకు రావాల్సిన పైసలు కూడా ఆగిపోతయ్. ఉన్నది ఉన్నట్టు చెప్పండమ్మా. మీ డోరు గీత చిన్నదైతే, దాన్ని బయట పెయింటరుతో చేయించుకునుడే చవక.

(వెనుక నుంచి ఒక యువకుడు: "అన్నా, ఎదుటోడి తప్పుతోటి గుద్దితే కూడా మన డిడక్టిబులే పోతదా?")

మన పాలసీ మీద మన బండి బాగు చేయించుకుంటే, తప్పు ఎవరిదైనా డిడక్టిబుల్ పోతది. ఎదుటాయన దగ్గర వసూలు చేసుకోవాలంటే అది వేరే దారి, ఆలస్యం. చిన్న దెబ్బ అయితే అక్కడికక్కడ మాట్లాడుకొని ఆయన బాగు చేయిస్తే మీ బోనస్ కూడా మిగులుతది.

(ఒక పెద్దాయన: "నేను రిటైరైన. కారు ఆదివారాలు మిర్యాలగూడ పోయి రావడానికే. బోనస్ 50 ఉన్నది. నాకు ఏది పెట్టుకోమంటవు?")

పెద్దయ్యా, బోనస్ 50 ఉంటే వాలంటరీ తగ్గింపు కూడా సగం అయిపోతది. 5,000 గడికి 1,500లో సగం 750, జీఎస్టీ కలిపితే ఏడాదికి 885 మిగులుతది. ఐదేండ్ల ఎనిమిది నెలలు ఏం కాకుంటే సరిపాయె. మీరు వారానికి ఒక్కసారి, నిదానంగ నడుపుతరు, ఐదారేండ్ల నుంచి క్లెయిమ్ లేదు, అవసరమైతే ఐదారు వేలు మీ చేతుల ఉంటయ్. మీకు 5,000 నప్పుతది. అదే మీ అబ్బాయి కారు తీసుకొని రోజూ హైదరాబాద్ హైవే మీద పోయి వస్తుంటే వాలంటరీ సున్నా పెట్టించండి. ఏదైనా మార్చుకోవాల్సింది రెన్యువల్ అప్పుడే. పాలసీ మీ ఫోన్‌ల ఉన్నదా? ఇటు తెండి, ఆ డబ్బాలో ఏం రాసి ఉన్నదో ఇద్దరం చూద్దాం.